పదమూడు జాలీ షీట్లు

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి దిల్‌సుఖ్‌నగర్ సైటుకు చేరేసరికి ఇనుప జాలీ షీట్లు గోడకు ఆనించి ఉన్నాయి. లెక్కపెట్టాను. పదమూడు. లెక్క తప్పానేమోనని అటువైపు నుంచి మళ్లీ లెక్కపెట్టాను. పదమూడే. నేను రాసిచ్చింది పదహారు. పదకొండున్నరకు కాంక్రీటు బండి వస్తుంది.

డిప్లొమా చదివి, ఎల్బీ నగర్‌లో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర సైటు ఇంజనీరుగా చేరి అప్పటికి ఆరేళ్లు. మా సైట్లలో ఏది సగంలో ఆగినా తిట్లు పడేది నాకే, బాగా అయితే పేరు వచ్చేది కాంట్రాక్టరు సారుకే. దానికి అలవాటుపడ్డాను. అలవాటు కానిది ఒక్కటే. కష్టపడి కొలిచి రాసిచ్చిన లెక్కను ఎవరో కుర్చీలో కూర్చుని కొట్టేయడం.

అది ఒక బట్టల వ్యాపారి కట్టించుకుంటున్న గోడౌన్. పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం నేసిన ఇంటి మనిషి. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో పెద్ద దుకాణం. అంతవరకు సరుకంతా ఎల్బీ నగర్‌లో ఒక కిరాయి షెడ్డులో ఉండేది. రెండు వానాకాలాలు వరుసగా నేలలోంచి చెమ్మ ఎక్కి, అడుగున ఉన్న మూటలు మరకలు పట్టాయి. అందుకే సొంత గోడౌన్ కట్టుకుంటున్నాడు. నేల మీద టైల్స్ వద్దు, గట్టి కాంక్రీటు నేల చాలు, చెమ్మ మాత్రం రాకూడదు. ఆయన అడిగింది అంతే.

నేల లోపలి కొలత యాభై ఎనిమిది అడుగుల పొడవు, ఇరవై ఎనిమిది అడుగుల వెడల్పు. మొరం పోసి దిమ్మిస కొట్టించాం. రాళ్ల మొనలు పైకి రాకుండా దాని మీద క్రషర్ డస్ట్, అంటే కంకర నలిపిన పొడి, పరిచాం. ఆపైన మందపాటి ప్లాస్టిక్ షీటు, దానిపైన జాలీ, ఆ మీద అయిదంగుళాల కాంక్రీటు. జాలీ షీటు ఒక్కొక్కటి పదహారడుగులు బై ఎనిమిది.

సారుకు ఫోన్ చేశాను. ఆయనది గుంటూరు వైపు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అదే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

"పదహారు రాసిచ్చిన సార్. పదమూడే ఒచ్చినయి."

"చూశానమ్మా. మొత్తం ఏరియాని షీటు ఏరియాతో భాగిస్తే పన్నెండు చిల్లర వచ్చింది. పదమూడు పంపాను. సరిపోవాలి కదా."

"ఏరియాతోని చూస్తే కాదు సార్. ఒక షీటు మీద ఇంకో షీటు అడుగు ఎక్కాలె. మొదటిది పదహారు, తర్వాత ఒక్కొక్కటి పదిహేనడుగులే ముందుకు పోతది. పొడుగుకు నాలుగు, ఎడల్పుకు నాలుగు. పదహారు."

"అంచుకి అంచు ఆనించి వైరు కట్టించమ్మా. నేల మీదే కదా పడుకునేది, గాల్లో వేలాడే స్లాబు కాదు కదా."

ఫోన్ పెట్టేశాడు. ఆయన మాటలో సగం నిజం ఉంది. ఆ జాలీ బరువు మోయడానికి కాదు. కాంక్రీటు ఆరుతున్నకొద్దీ ముడుచుకుంటుంది, ఎక్కడో ఒక చోట పగలబోతుంది. పగులు నోరు తెరవకుండా పట్టుకోవడమే జాలీ పని. షీటు అంచులు ఒకదానికొకటి ఆనుకుని ఊరుకుంటే పట్టుకునేదేమీ లేదు. బైండింగ్ వైరు షీట్లను చోటు కదలకుండా ఉంచుతుందే తప్ప ఆ లాగుడును ఆపదు. పగులు సరిగ్గా ఆ గీత వెంటే వస్తుంది.

మేస్త్రీ నల్లగొండ జిల్లా మనిషి, మా నాన్న వయసు. అతను అప్పటికే బయట మిగిలిన డస్ట్ మీద పుల్లతో బొమ్మ గీసి పెట్టుకున్నాడు.

"పరేషాన్ గాకు మేడం. మూడు వరుసలు నిండుగ ఏస్తం. మిగిలిన నాలుగడుగుల పట్టీకి కోసిన ముక్కలు పెడ్తం. ఒక్క ముక్క గూడ తక్కువ గాదు."

చూశాను. అతని లెక్క నిజంగానే సరిపోయింది. అంచుకు అంచు ఆనిస్తే పదమూడు షీట్లతో నేలంతా కప్పేయవచ్చు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఇంత చక్కగా ముక్కలు కూర్చగలిగిన మనిషి, ఆ మూడు షీట్లు ఎందుకు కావాలో ఒక్క నిమిషం వినడు.

అప్పుడే వ్యాపారి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, వట్టికాళ్లతో వచ్చి ప్లాస్టిక్ షీటును వేళ్లతో నలిపి చూశాడు. ఆ షీటు ముందురోజు సాయంత్రం పరిచింది. ఆయన నలుపుతుంటే నేనూ అప్పుడే సరిగ్గా చూశాను. పదడుగుల వెడల్పు పట్టీలు మూడు, ఒకదాని మీద ఒకటి అడుగు ఎక్కించి పరిచారు. సరిగ్గా ఇరవై ఎనిమిది. గోడ మీదికి మడవడానికి ఒక్క అంగుళం మిగల్లేదు.

"గోడల మీదికి ఆరంగుళాలు లేపమని చెప్పిన కద," అన్నాను మేస్త్రీతో.

"నేలకు ఏసినం గద మేడం. గోడకెందుకు?"

"నేలకు గోడకు నడుమ సందులకెల్లి చెమ్మ రాదా?"

ఆ మాటకు వ్యాపారి తలెత్తాడు. "అమ్మా, గట్లయితే ఇంకో పొర ఎయ్యరాదు? రెండు పొరలు ఏస్తె పరేషానే లేదు గద."

"రెండు పొరలొద్దు అంకుల్. ఉన్నదే గోడ మీదికి రావాలె." తర్వాత అదే ఊపులో అడిగాను. "ఇనుప జాలీ మూడు షీట్లు తక్కువ ఒచ్చినయి. మీరొక మాట సారుకు చెప్పరా?"

ఆయన ఒక చూపు జాలీ వైపు పడేశాడు. "గది మీరు మీరు చూస్కోండి. నాకు తెల్వదు. నాకు చెమ్మ రావద్దు, అంతే."

నా పక్షాన మాట్లాడగలిగిన ఒకే ఒక్క మనిషి అలా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

రోలులో ఇంకా ప్లాస్టిక్ ఉంది. ఒక పట్టీ కోయించి, దాన్ని నిలువునా రెండు చేయించి, అటు గోడకొకటి, ఇటు గోడకొకటి వేయించాను. నేల మీది షీటుతో అడుగు కలిసేలా పరిచి, అతుకులన్నింటికీ టేపు అంటించి, అంచు గోడ మీదికి లేపించాను. ముందు, వెనక గోడల వైపు పట్టీలు పొడుగ్గానే ఉన్నాయి కాబట్టి వాటి కొసలే లేపితే సరిపోయింది. దానికే గంట పట్టింది. ఈలోగా ఇద్దరు కూలీలు ఒక జాలీ షీటును ఈడ్చుకొచ్చారు. దాని తీగ కొన ప్లాస్టిక్‌ను జానెడు చీల్చింది. ఈడ్చొద్దని పొద్దున్నుంచి మూడోసారి చెప్పడం. చీలిక మీద పెద్ద ముక్క వేసి చుట్టూ టేపు వేయించాను. ఆ తర్వాత షీటుకు నలుగురు చొప్పున ఎత్తి తెచ్చారు.

పదిన్నర అయింది. ఫుట్‌పాత్ మీద కూర్చుని కాగితం మీద గీశాను. పొడవుకు మూడు, వెడల్పుకు నాలుగు. పన్నెండు షీట్లతో, అడుగు అడుగు ఎక్కించుకుంటూ పోతే, నలభై ఆరు అడుగుల వరకు నిజాయితీగా వస్తుంది. నలభై అయిదో అడుగు దగ్గర పలక అడ్డం పెట్టి ఆపేయాలి. పలకకు గాట్లు కొట్టి, జాలీ తీగల్ని అడుగు మేర అవతలికి వదలాలి. మిగిలిన పదమూడు అడుగులు తర్వాత పోసుకోవచ్చు. అందుకు నాలుగు షీట్లు కావాలి. ఒకటి చేతిలో ఉంది. మూడు కొనాలి.

సారుకు మళ్లీ ఫోన్ చేశాను.

"ఒకటే నేలకి రెండు సార్లు పోయడమేంటమ్మా? మూడు బళ్లు చెప్పి ఉన్నాం."

"మూడో బండిల సగం కంటె తక్కువే తెమ్మని కాంక్రీటు ప్లాంటోళ్లకు నేను చెప్త సార్."

"నీ ఇష్టం. గోడౌన్ సేటు అడిగితే నువ్వే చెప్పుకో," అన్నాడు. అది ఒప్పుకోవడం కాదని తెలిసినా, అదే చాలనుకున్నాను.

బండి వచ్చింది. అక్కడా తిప్పలు తప్పలేదు. జాలీ కాంక్రీటు పైభాగానికి రెండంగుళాల కిందే ఉండాలి, పగులు మొదలయ్యేది పైనుంచి కాబట్టి. అందుకని జాలీని ఎత్తి పట్టే మూడంగుళాల ఎత్తు చైర్లు, కింద ప్లాస్టిక్ చిరగకుండా వెడల్పు పాదాలున్నవి, తెప్పించి పెట్టాం. మనుషులు జాలీ మీదే తొక్కుకుంటూ నడిచారు. కొన్ని చైర్లు ఒరిగి, జాలీ కిందికి పోయి ప్లాస్టిక్‌ను తాకింది.

"పోసేటప్పుడు కొక్కెంతోని గుంజి లేపుతం మేడం," అన్నాడు మేస్త్రీ.

"గుంజినంక మళ్ల మీరే తొక్కుతరు. మళ్ల కిందికే పోతది."

పలకలు వేయించి వాటి మీదే నడవమన్నాను. ఒరిగిన చైర్లు సరిచేయించాను. స్టీలు స్కేలు తడి కాంక్రీటులో గుచ్చుతూ జాలీ ఎంత లోతున తగులుతుందో చూస్తూ వెనకే తిరిగాను. కూలీలు నవ్వుకున్నారు. నా చీలమండల వరకు సిమెంటు. నాలుగు దాటేసరికి పలక దాకా అయిపోయింది. ఇంటికి పోయే వనస్థలిపురం బస్సులో టికెట్ అడగబోతే, పొద్దున్నుంచి అరిచి గొంతు పోయిందని తెలిసింది.

మర్నాడు పొద్దున, పగిలితే ఆ గీతల్లోనే పగలాలని, మిషనుతో పదిహేనడుగులకొక గాటు, నడుమ నిలువునా ఒక గాటు కోయించాను. మధ్యాహ్నానికి సారు ఫోన్. బాలాపూర్ దగ్గర ఒక ఇంటికి పునాది మొదలవుతోంది, వెంటనే వెళ్లమన్నాడు. మిగిలిన పదమూడు అడుగుల సంగతి అడిగితే, "మేస్త్రీ చూసుకుంటాడు," అన్నాడు. నేను కాగితం మీద అంతా గీసి మేస్త్రీ చేతికిచ్చాను. నాలుగు షీట్లు, అడుగు ఎక్కింపు, గోడ మీదికి ప్లాస్టిక్, మర్నాడు గాటు. అతను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వానలు మొదలయ్యాక ఒకరోజు మా అక్కతో చీరలకని దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ వ్యాపారి దుకాణానికి వెళ్లాను. వ్యాపారి నన్ను గుర్తుపట్టి, టీ తెప్పించి, "ఒకసారి గోడౌన్ల చూడమ్మా," అని వెనక్కి తీసుకెళ్లాడు.

నలభై అయిదు అడుగులు శుభ్రంగా ఉంది. పగులు వచ్చి ఉంటే గాటు అడుగునే వచ్చి ఉంటుంది, పైకి కనబడదు. ఆ గీత దాటి కాలు పెట్టగానే కనిపించింది. చివరి పట్టీలో ఒక పగులు, పలక పెట్టిన చోటు నుంచి వెనక గోడ దాకా తిన్నగా, రూపాయి బిళ్ల అంచు దూరేంత. వెనక గోడ పొడవునా జానెడు వెడల్పున తడి. అడుగు మూటకు అప్పుడే మచ్చ.

అక్కడి నుంచే మేస్త్రీకి ఫోన్ చేశాను. అతను దాచలేదు. సారు షీట్లు కొనలేదట. ఉన్న ఒకటి, వేరే సైటులో మిగిలిన ముక్కలు, అంచుకు అంచు పెట్టి కట్టారట. గాటుకు మిషను రాలేదట. గోడ మీదికి లేపిన ప్లాస్టిక్ పోసేటప్పుడు అడ్డమొస్తోందని లోపలికి మడిచేశారట.

"నీ కాయిదం ఉండె మేడం. సారు ఒద్దన్నడు. నేనేం జేస్త?"

వ్యాపారి నా మొహం చూస్తూ నిలబడ్డాడు. "గీ నేలంత మీరే గదమ్మా ఏసింది? గింత మోసం చేస్తారని నేననుకోలే."

ఎక్కడి వరకు నేను, ఎక్కడి నుంచి కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. నేలంతా ఒకే రంగు. నేను ఆపిన గీత ఆయనకు ఇంకో గాటులాగే కనిపిస్తుంది. అయినా చెప్పాను. మూడు షీట్లు, మడిచేసిన అంచు, అన్నీ. ఆయన విన్నాడో లేదో తెలియదు. ఆ గోడ వెంట మూటలు తీసేయమన్నాను, కట్టె పలకల మీద గోడకు రెండడుగుల దూరంలో పెట్టమన్నాను. ఆ పట్టీ పగలగొట్టి మళ్లీ పోయడం తప్ప అసలు మందు లేదని కూడా అన్నాను.

"మళ్ల పగలగొట్టుడా," అన్నాడాయన, నా మీదే విసుగ్గా.

అక్క చీర కొనలేదు. ఆయన కొట్లో కొనాలనిపించలేదంది. మెట్రో మెట్ల దగ్గర సారుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేశాను.