కాన్సిలక్క

కంప్యూటర్లు బాగుచేసే ఆవిడకు అసలు పేరొకటి ఉంది కానీ, దాంతో పిలిచేది పోస్ట్‌మన్ ఒక్కడే. మిగతా అందరికీ ఆవిడ కాన్సిలక్క. తెర మీద ఏ పెట్టె ప్రత్యక్షమై ఏమడిగినా ముందు కాన్సిల్ నొక్కుతుంది. మూడు పెళ్ళి సంబంధాలకూ అదే నొక్కావు కదే అని వదిన ఏడిపిస్తే, "నాలుగోదానికి ఓకే అన్నాగా వదినా, ఇప్పటికీ అనుభవిస్తున్నా!" అని పకపకా నవ్వుతుంది.

ఆ అలవాటు ఊరికే రాలేదు. దుకాణం పెట్టిన కొత్తలో ఒక టీచరమ్మ చచ్చిన లాప్‌టాప్‌లోని డిస్కు తెచ్చింది. దాన్ని యూఎస్‌బీ అడాప్టర్‌తో తగిలించగానే, డిస్కును ఇనీషియలైజ్ చేసి వాడకానికి సిద్ధం చెయ్యాలి, ఓకేనా అంటూ ఒక పెట్టె వచ్చింది. ఎంత మర్యాదగా అడుగుతోందో అనుకుని ఈవిడ ఎంటర్ కొట్టేసింది. డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక పోయి, ఖాళీ పట్టిక వచ్చి కూర్చుంది. తొమ్మిది రోజులు తవ్వితే వేల ఫోటోలు బయటపడ్డాయి గానీ, ఒక్కదానికీ పేరు లేదు. టీచరమ్మ అక్కడే కూర్చుని మొదటి ఫోటోకు పేరు పెట్టడం మొదలెట్టింది. అదే ఎక్కువ బాధపెట్టింది.

అప్పటినుంచి కొత్త డిస్కు తగిలించే ముందు కీబోర్డు పీకి సొరుగులో పడేస్తుంది. పొరపాటున మోచెయ్యి తగిలినా ఎంటర్ పడకూడదని ఆవిడ పట్టుదల.

మొన్న బూట్ల మేస్త్రి వచ్చాడు. రెండు కాళ్ళూ ఒక్క కొలతలో లేనివాళ్ళకు బూట్లు కుట్టే మనిషి. పదకొండేళ్ళుగా గీసిన పాదాల కొలతలన్నీ ఆగిపోయిన లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. వాళ్ళలో కొందరు ఇప్పుడు మంచం దిగలేరు, మళ్ళీ కొలవడం జరగని పని. డిస్కూ, అడాప్టరూ రెండూ చేతిరుమాల్లో చుట్టి తెచ్చాడు.

"వీడియో చూసి నేనే తగిలించానమ్మా. ఏదో పెట్టె వచ్చింది. ఓకే నొక్కబోతున్నా, ఇంతలో మా ఆవిడ వచ్చి తీగ పీకి పారేసింది! తెలియని దానికి ఓకే ఎందుకు నొక్కడం అని నన్నే అడుగుతుంది! అలా పీకడమే కొంప ముంచింది. నాలుగు రోజులైంది, నేను దానితో మాట్లాడటం లేదు."

"నొక్కబోతున్నారా, నొక్కేశారా బాబాయ్?"

"అదే... గుర్తులేదమ్మా."

కాన్సిలక్కకు టీచరమ్మ గుర్తొచ్చింది. పైకి మాత్రం నవ్వుతూ కీబోర్డు పీకింది. అడాప్టర్ తగిలించి, డిస్కుల జాబితా తెరిచింది. అదే పెట్టె, అదే ప్రశ్న. కాన్సిల్ నొక్కి, డిస్కు దగ్గర చెవి పెట్టింది. టిక్కుమంటోంది, తిరగబోతోంది, ఆగిపోతోంది. మళ్ళీ టిక్కు. వెంటనే తీసేసింది.

"ఈ పెట్టె డిస్కు ఖాళీగా ఉందని చెప్పడం లేదు బాబాయ్. చదవలేకపోతున్నానని చెబుతోంది, అంతే. ఓకే అన్నామంటే చదవడం మానేసి, ఉన్నదాని మీద రాయడం మొదలెడుతుంది." అడాప్టర్ తీగ చేతిలోకి తీసుకుంది. దానికి కంప్యూటర్‌కు తగిలించే వైపు రెండు కొసలున్నాయి. రెండోదాన్ని టేపుతో చుట్టి మడిచి పెట్టారు. "ఇదేంటి?"

"అది ఎక్స్‌ట్రా అనుకున్నానమ్మా. ఒకటి పాడైతే పనికొస్తుందని."

"డిస్కు తిరగడానికి ఒక్క కొస ఇచ్చే కరెంటు చాల్లేదు. అది ఆకలితో ఉంది పాపం."

టేపు ఊడదీసి, రెండు కొసలనూ కంప్యూటర్ వెనకున్న రంధ్రాల్లో పెట్టింది. డిస్కు ఒక్కసారి మూలిగి, ఆగకుండా తిరగసాగింది. ఈసారి పెట్టె రాలేదు. జాబితాలో డిస్కు భాగాలు మూడూ వరుసగా, చెక్కుచెదరకుండా కనిపించాయి. పాత పట్టిక అలాగే ఉంది. ఆయన ఓకే నొక్కలేదు. నొక్కే లోపే తీగ ఊడింది.

ఫైళ్ళు చూద్దామని ఆయన ముందుకు వంగితే ఆపింది. ముందు డిస్కు మొత్తాన్నీ ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి నకలు తీసింది. మధ్యాహ్నం దాటింది. ఆ నకలులోనే పాదాలు తెరిచింది. ఎడమవీ కుడివీ, వంకరవీ పొట్టివీ, అన్నీ పేర్లతో సహా వచ్చాయి. మేస్త్రి ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ పలకరించాడు. ఆ ముఖం చూస్తుంటే కాన్సిలక్కకు కడుపు నిండినట్టయింది.

"తిరుగుతున్న డిస్కుకు తీగ పీకడం మంచి పని కాదు బాబాయ్, ఎవరికీ చెయ్యమని చెప్పను. కానీ ఆ రోజు పిన్ని పీకబట్టే ఇవన్నీ మిగిలాయి."

మేస్త్రి ఫోన్ తీసి, గోడ వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఏమోయ్, ఆ తీగ... నువ్వు పీకడమే మంచిదైంది," అన్నాడు.

అవతలి మాట దుకాణమంతా వినిపించింది.

"సరిగ్గా వినపడలేదండీ. ఇంకోసారి చెప్పండి!"