పాత నంబరుతో వచ్చిన స్క్రీన్‌షాట్

నల్లపాడు,
మార్చి, 2025.

సాంబశివరావు గారికి,

నమస్కారం. టార్పాలిన్ కొట్టు రమాదేవిని. నాలుగు రోజులుగా మీరు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పన్నెండేళ్లుగా కొట్టు నడుపుతున్నాను గానీ, ఒక కస్టమర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. కంగారు పడకండి, తిట్టడానికి కాదు. తిట్లన్నీ ఆరోజే అయిపోయాయి, పాపం మా ఆటో మస్తాన్ విన్నాడు.

ఆరోజు మధ్యాహ్నం మూడింటికి మబ్బు కమ్మింది. మిరపకాయలు కల్లాల్లో ఆరబోసిన రోజులు కదా, ఫోన్లు ఆగడం లేదు. కాయల మీద కప్పడానికి మీరు మూడు టార్పాలిన్ పట్టాలు అడిగారు, పదకొండు వేల నాలుగు వందలు అన్నాను. పది నిమిషాల్లో వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వచ్చింది. పచ్చటి టిక్కు, పైన మా కొట్టు పేరు, అన్నీ ఉన్నాయి. మా గల్లాపెట్టె మీది స్పీకరు మాత్రం నోరు మెదపలేదు. పది రూపాయలు పడినా రోడ్డు అవతలికి వినపడేలా అరిచే డబ్బా అది!

మీకు ఫోన్ చేశాను.

"డబ్బు పడలేదండీ సాంబశివరావు గారూ."

"మా అకౌంట్లో కట్టయిపోయిందమ్మా. సర్వర్ బిజీగా ఉందేమో. కాయలన్నీ కల్లంలోనే ఉన్నాయి, కాస్త ఆటో పంపించు తల్లీ."

సర్వర్ అప్పుడప్పుడు మొరాయిస్తుంది, నిజమే. కానీ అలాంటప్పుడు డబ్బు పంపినవాళ్ల తెరమీద 'ప్రాసెసింగ్' అని ఉంటుంది, పచ్చటి టిక్కు రాదు. అందుకే స్పీకరునొక్కదాన్నే నమ్మకుండా బ్యాంకు యాప్ తెరిచి చూశాను. ఆ గంటలో మీ దగ్గర నుంచి రూపాయి రాలేదు. అప్పుడు మీ స్క్రీన్‌షాట్‌ని వేళ్లతో పెద్దది చేశాను. 11,400 అంకెలు పక్కనున్న అక్షరాల కంటే కాస్త లావుగా ఉన్నాయి. కింద యూటీఆర్ నంబరు ఉంది. ప్రతి చెల్లింపుకీ విడిగా పడే పన్నెండు అంకెల నంబరు అది, ఒకసారి వచ్చింది మళ్లీ రాదు. మాకు వచ్చే చెల్లింపుల్లో దాని మొదటి అంకె మామూలుగా సంవత్సరం చివరి అంకె. ఈ ఏడాదివి ఐదుతో మొదలవ్వాలి. మీది నాలుగు.

అంటే నిరుటిది. రూపాయల అంకెనీ తేదీనీ మార్చారు, నంబరు జోలికి పోలేదు. ఒళ్లు మండిపోయింది.

"అక్కా, ఆటోలో ఎక్కించిన పట్టాలు దింపేయమంటావా?" అన్నాడు ఆటో మస్తాన్.

"దింపెయ్. నాకే టోపీ పెడతాడా!" అన్నాను. సగం దింపాడు కూడా.

పోలీసు కంప్లయింట్ ఇవ్వాలంటే అసలు చెల్లింపు ఎవరిదో తెలియాలి కదా అని ఆ నంబరుని మా యాప్‌లో వెతికాను. దొరికింది. నిరుడు మార్చిలో, మీరే, మా కొట్టుకే, మూడు వందల నలభై రూపాయలు.

చూడగానే గుర్తొచ్చింది. ఆరోజు మీరు నైలాన్ తాడు కట్టలు రెండు తీసుకెళ్తే, నేను ఒకదానికే బిల్లు వేశాను. మీరు రైల్వే గేటు దాకా వెళ్లి, ఎండలో వెనక్కి నడిచొచ్చి, "అమ్మా, రెండు కట్టలు ఇచ్చి ఒకదానికే తీసుకున్నారు" అని స్కాన్ చేశారు. ఆ మూడు వందల నలభై అదే. అబద్ధం చెప్పడానికి మీ ఫోన్లో మీకు దొరికింది ఆ రసీదేనా మహానుభావా? నవ్వొచ్చింది, వెంటనే బాధేసింది. ఆ మనిషికి ఈ గతి పట్టిందంటే కల్లంలో కాయల గురించి ఎంత భయపడి ఉండాలి అనిపించింది.

"మస్తానూ, మళ్లీ ఎక్కించు!"

"అక్కా, నాకు రెండుసార్లు కూలి ఇవ్వాలి," అన్నాడు. ఇచ్చాను.

ఆ సాయంత్రం గంటసేపు కుండపోత. పట్టాలు సమయానికి అందాయనీ, ఒక్క కాయ కూడా తడవలేదనీ మస్తాన్ చెప్పాడు. చాలా సంతోషమండీ. ఇకనుంచి బ్యాంకు యాప్‌లో చూశాకే సరుకు కదులుతుంది, ఆ నియమం మీకూ ఉంటుంది. మీరు చేసింది తప్పే. వేరే కొట్టులో అయితే ఈపాటికి స్టేషన్లో ఉండేవారు. డబ్బు కాయలు అమ్మాక ఇవ్వండి. మళ్లీ అవసరం పడితే ఫోటోలు పంపకండి. "చేతిలో డబ్బు లేదమ్మా" అని ఒక్క మాట చెప్పండి, చాలు.

అన్నట్టు, పట్టాల మడతలో ఒక తాడు కట్ట కూడా పెట్టాను. బిల్లులో రాయలేదు. వచ్చినప్పుడు, నిరుటిలాగే, మీరే గుర్తుచేయండి.

ఇట్లు,
రమాదేవి