ఆమె అనని మాట

పట్టుగూళ్ల నుంచి దారం తీసే మిషన్లు అమ్మడం నా ఉద్యోగం. కంపెనీ బెంగళూరుది, నా ఇల్లు పెనుకొండలో, తిరుగుడంతా హిందూపురం, ధర్మవరం. నేను మంచి మాటకారినని పేరు. ఆ పేరును అందరికంటే ఎక్కువ నమ్మింది నేనే. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో నాకు పోయిందేమీ లేదు, జీతం కూడా తగ్గలేదు. పోయినదంతా ఇంకొకరికి పోయింది. అందుకే ఇన్నేళ్లయినా తల్చుకుంటే నోరు చేదవుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు మా కంపెనీ సీఆర్ఎమ్ అనే పద్ధతి తెచ్చింది. మిషన్లు అమ్మే మమ్మల్ని నలుగురినీ బెంగళూరు పిలిపించి రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఒక్కో కస్టమర్‌కు ఒక్కో పేజీ. ఎప్పుడు ఫోన్ చేశాం, ఎప్పుడు కలిశాం, ఆయన ఏమన్నాడు, బేరం ఎంతవరకు వచ్చింది, తర్వాత మనం చెయ్యాల్సిన పని ఏమిటి, ఏ తారీకుకు. ఇవన్నీ ఆ రోజుది ఆ రోజే రాయాలి. తారీకు వేస్తే ఆ పొద్దుటికి ఆ పని జాబితాలో పైకి వచ్చి నిలబడుతుంది. దాటిపోతే ఎర్రబడుతుంది. నేర్పించినాయన చివర్లో ఒక మాటన్నాడు: "రేపు మీరు రాకపోయినా, ఆ పేజీ చూసి ఇంకొకరు మీ పని చెయ్యగలగాల." మేం నలుగురం బుద్ధిమంతుల్లాగా తలూపి, కాఫీ తాగి బస్సెక్కేశాం.

ఊరికి రాగానే మా నలుగురిలో పెద్దాయన అసలు పాఠం చెప్పాడు. "కాయ పండేదాకా ఆకు చాటున ఉండాలప్పా. బేరం కుదిరేట్టుందని రాస్తివా, మేనేజరు పొద్దున ఆరింటికే ఫోను పట్టుకుంటాడు. ఇంకా కాలేదా, ఇంకా కాలేదా అని ప్రాణం తీస్తాడు. పైగా నలుగురి కండ్లు పడతాయి, దిష్టి. దుడ్లు చేతిలో పడినాంక రాసుకో."

మాకు ఆ పాఠం ఒంటికి బాగా పట్టింది. కుదరబోయే ప్రతి బేరాన్నీ చల్లారిపోయినట్టు రాసేవాళ్లం. దానికొక వాక్యం కూడా తయారు చేసుకున్నాం: 'ధర ఎక్కువంటున్నారు, ఆరు నెలల తర్వాత మాట్లాడమన్నారు.' నెలాఖరులో హిందూపురం బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని ఇరవై పేజీల్లో ఆ ఒక్క వాక్యమే దించేవాణ్ణి. అసలు వివరాలు మాత్రం చొక్కా జేబులోని చిన్న డైరీలో ఉండేవి. ఉన్నట్టుండి ఒకరోజు ఆర్డరు తీసుకెళ్లి మేనేజరు ముందు పెడితే, గారడీవాడు బుట్టలోంచి పావురాన్ని తీసినట్టు చూసేవాడు. ఆ చూపంటే నాకు పిచ్చి.

నా కస్టమర్లలో ఒకామెది హిందూపురం. నలభై ఏళ్లుంటాయి. ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు చరఖాలు పెట్టుకుని పట్టు తీసేది. చరఖా అంటే పాత పద్ధతి. మరిగే నీళ్లలోనే గూళ్లు ఉడకాలి, ఆ నీళ్లలోనే చేతులు పెట్టి పోగులు వెతికి పట్టుకోవాలి, ఇంకొకరు పక్కన నిలబడి రాట్నం తిప్పాలి. ఇరవై ఏళ్లుగా అదే పని. ఆమె వేళ్ల మీద చర్మం తెల్లగా ఊరిపోయి, కణుపుల దగ్గర చీలికలు. అన్నం కలుపుకోలేక స్పూన్‌తో తినేది. "మా ఇంట్లో నేనొక్కదాన్నే దొరసానిని" అని నవ్వేది.

మా మిషన్లో గూళ్లు వేరే చోట ఉడుకుతాయి. దారం తీసే తొట్టిలో నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. నేను మొదటిసారి ఆ మాట చెప్పినప్పుడు ఆమె ధర అడగలేదు. "ఎంత వెచ్చగా ఉంటాయప్పా నీళ్లు?" అని అడిగింది. పసిబిడ్డకు పోసే నీళ్లలాగా అన్నాను. నా మాటకారితనం మీద నాకే ముచ్చటేసింది.

ఏడాదిపాటు తిరిగి బ్యాంకులో లోను మంజూరు చేయించుకుంది. అది ప్రభుత్వ పథకం కింద లోను, మార్చి ముప్పై ఒకటి దాటితే రద్దు. మార్చి మొదట్లో నేను వెళ్లినప్పుడు బ్యాంకు కాగితం చూపించింది. మా పాత కొటేషన్‌కు గడువు తీరిపోయింది, బాయిలర్ ఖరీదు విడిగా చూపిస్తూ కొత్తది తెమ్మన్నారు. డైరీలో రాసుకున్నాను: ఆరు తొట్ల మిషన్, బాయిలర్ విడిగా, బ్యాంకు లెటర్ నంబరు. "సోమవారం నీ చేతిలో ఉంటుందక్కా" అన్నాను.

"మర్చిపోవు కదప్పా?"

"నేనా?"

ఆ సాయంత్రం నెట్ సెంటర్ ముందునుంచే బస్టాండుకు నడిచాను. పది నిమిషాల పని. ఆమె పేజీలో అంతకు ముందు నెల నేను దించిన వాక్యమే ఉంది. ధర ఎక్కువంటున్నారు, ఆరు నెలల తర్వాత. ఆర్డరు వచ్చాక మార్చుకుందాంలే, అప్పటిదాకా మేనేజరు కంట పడకుండా ఉంటుంది అనుకున్నాను. తర్వాతి పని అన్నచోట ఖాళీ, తారీకు ఖాళీ.

శనివారానికి కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు. సోమవారానికి లేచి కూర్చునే ఓపిక లేదు. మా అమ్మ పసరు మందు పోయించి, ఉప్పులేని పథ్యం పెట్టి, "ఫోను మోగితే నువ్వు పండుకోవు" అని సెల్ ఆపేసి బీరువాలో పెట్టి తాళం వేసింది. నాయన ఆఫీసుకు ఫోన్ చేసి నెల రోజులు రాడని చెప్పాడు. నాకు ఆమె గుర్తు రాలేదా అంటే వచ్చింది. ఒకటి రెండుసార్లు, జ్వరం మత్తులో. ఆఫీసులో ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుని అటు తిరిగి పడుకున్నాను. ఏం చూసి చూసుకుంటారో ఆలోచించలేదు.

ఏప్రిల్లో తేరుకుని నెట్ సెంటర్‌కు వెళ్లి ఆమె పేజీ తెరిచాను. నా వాక్యం కింద నావి కాని రాతలు వరసగా ఉన్నాయి. మా ఆఫీసులో ఫోన్లు ఎత్తే అమ్మాయి రాసినవి. నేర్పించినట్టే అక్షరాలా రాసేది మా మొత్తం కంపెనీలో ఆ అమ్మాయి ఒక్కతే. నేను మాటిచ్చిన సోమవారం తర్వాతి బుధవారం, పొద్దున పదకొండు దాటాక: కస్టమర్ ఫోన్ చేశారు, కొత్త కొటేషన్ కావాలట, సేల్స్ ఆఫీసర్‌కు పని అప్పగించాను. అంటే నాకు. నేను మంచం మీద ఉన్నాను. రెండోసారి: మళ్లీ చేశారు, బ్యాంకు గడువు మార్చి ఆఖరట, ఏ మిషన్ అన్న వివరాలు మన దగ్గర లేవు, మేనేజరుగారికి తెలియజేశాను. దాని కింద మేనేజరు ఒక్క ముక్క రాశాడు. ధర దగ్గర ఆగిన బేరం, తొందర లేదు, ఆఫీసర్ వచ్చాక చూద్దాం. ఆయన్ననడానికి నాకు నోరెక్కడిది? ఆయన చదివింది నేను రాసిందే.

మూడోసారి, నాలుగోసారి. ఆఖరుది మార్చి ముప్పైన సాయంత్రం నాలుగింటికి: కస్టమర్ ఏడుస్తున్నారు. మన రికార్డులో ఉన్నది చదివి వినిపించాను. నేనలా అనలేదన్నారు.

నెట్ సెంటర్ కుర్చీలో నాకు చెమటలు పట్టాయి. నా కళ్లలో ఇంకా పోని పచ్చదనం చూసి, కామెర్ల నీరసం అనుకుని పక్కనున్నాయన మంచినీళ్లిచ్చాడు.

అటునుంచి అటే ఆమె ఇంటికి పోయాను. షెడ్డులో ఆవిరి, ఉడికిన గూళ్ల వాసన. ఆమె చరఖా ముందు కూర్చునుంది. నన్ను చూసి తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే కొంచెం బాగుండేది.

"ఏమప్పా, చిక్కిపోయినావే! ఒళ్లు బాగలేదంట కదా? ఇప్పుడెట్లుండాది?"

బ్యాంకువాళ్లు మళ్లీ అవకాశం ఇస్తారేమో కనుక్కుందామన్నాను. పోయిన సంవత్సరంది పోయిన సంవత్సరానికే అన్నారని, ఈసారి పథకం లేదన్నారని చెప్పింది. తర్వాత, నిజంగానే అర్థం కాక అడిగింది.

"ఒకటి చెప్పప్పా. ధర ఎక్కువని నేనన్యానంట. ఆరు నెల్లు కానీమన్యానంట. మీ ఆఫీసులో ఆ పాప చదివి చెప్పింది. నేనెప్పుడన్యానప్పా ఆ మాట? యాడన్యా? రాత్రుల్లో కూడా అదే తలకాయలో తిరుగుతాండాది. బుద్ధి లేక ఎప్పుడన్నా అనింటినా?"

అప్పట్నుంచీ ఆమె తనలోనే తప్పు వెతుక్కుంటోంది.

"నువ్వనలేదక్కా. నేను రాసినా" అన్నాను.

"ఎందుకు?"

దిష్టి తగులుతుందని, మేనేజరు పీకలమీద కూర్చుంటాడని, ఆర్డరు తెచ్చి అందరి ముందూ గొప్పగా పెట్టాలని. ఇవన్నీ ఆమె చేతుల వైపు చూస్తూ చెప్పలేకపోయాను. "మాకదొక అలవాటక్కా" అన్నాను. అది కూడా పూర్తి నిజం కాదు.

"నా పేరు మీద రాసేముందు నన్నొక మాట అడగాల్సింది" అని తిరిగి చేతులు నీళ్లలో పెట్టింది.

మళ్లీ నెట్ సెంటర్‌కు వెళ్లి ఆమె పేజీ మూసేటప్పుడు, బేరం పోవడానికి కారణం ఎంచుకోమని కంప్యూటర్ అడిగింది. ధర, వేరే కంపెనీ, కస్టమర్ వాయిదా, ఇతరములు. ఇతరములు నొక్కి జరిగింది జరిగినట్టు రాశాను. మేనేజరు ఫోన్ చేసి "ఏమప్పా, ఇట్లాంటివి రాస్తారా ఎవరన్నా? ధర అని మార్చెయ్" అన్నాడు. మార్చలేదు. అదేదో పెద్ద ధైర్యమని చెప్పుకోను, అప్పటికి ఆమెకు దానితో ఏ పనీ లేదు. ఆ తర్వాత నా పద్ధతి మారింది. కస్టమర్ అన్న మాటను అక్కడే కాగితం మీద రాసి, ఆయనకే చదివి వినిపించి, ఏ తారీకుకు ఏం చేస్తానో కూడా చెప్పి, ఆ సాయంత్రమే ఎక్కించేవాణ్ణి. మిగతా ముగ్గురూ నన్ను గుమాస్తా అని ఏడిపించేవాళ్లు. ఏడిపించనీ అనుకున్నాను.

మూడేళ్ల తర్వాత ధర్మవరంలో ఒక ఆసామికి పది తొట్ల మిషన్ అమ్మాను. ఆ బేరంలో ఒక్క తారీకు కూడా ఎర్రబడలేదు. బిగించిన నెలకు ఎలా నడుస్తోందో చూడటానికి వెళ్తే, మూడో తొట్టి ముందు ఆమె కూర్చుని ఉంది. చరఖాలు అమ్మేసిందట, షెడ్డు ఎవరికో ఇచ్చేసి, ధర్మవరానికే వచ్చేసి ఇక్కడ కూలి చేస్తోందట. నన్ను చూడగానే గుర్తుపట్టింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని నాకు చూపించింది. చీలికలు మానిపోయాయి.

"నువ్వు చెప్పింది నిజమేప్పా" అంది. "నీళ్లు పసిబిడ్డకు పోసేటట్లే ఉండాయి."

అంతలో ఆసామి కేకేశాడు. ఆమె గబుక్కున తొట్టి వైపు తిరిగింది.