నౌకరి పోయిన సంగతి ఆరు పేజీల్లో

కరీంనగర్ బస్టాండు వెనక వీధిలో నాది ఫ్లెక్సీల దుకాణం. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, పార్టీ మీటింగులు, పోయినవాళ్లకు శ్రద్ధాంజలులు, ఏదైనా ముద్రిస్తాను. తొమ్మిదో తరగతిలో బడికి సెలవు పెట్టాను, ఆ సెలవు ఇంకా ముగియలేదు. అయినా జనంతో నా అంత చదివించేవాడు మా వీధిలో లేడు. రోడ్డు మీద పోయే ప్రతివాడూ నేను వేసిందే చదువుకుంటూ పోతాడు.

మా ఆవిడ చెల్లెలు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేసేది. ఆస్పత్రుల బిల్లులు వేసే ప్రోగ్రాంలో తప్పులు పట్టడం ఆమె పని. ఇంటికొస్తే నా వంటలో, నా మాటలో, నా షర్టు రంగులో కూడా పట్టేది. ఒకరోజు ఆ కంపెనీ చాలామందిని ఒక్కసారే తీసేసింది. మరదలు సూట్‌కేసుతో సుల్తానాబాద్‌లో మా అత్తగారింటికి చేరింది. కొన్నాళ్లు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నా షర్టు గురించి కూడా ఏమీ అనలేదు. అప్పుడు నాకు నిజంగా బెంగ పుట్టింది.

తర్వాత ఒక ఉదయం ల్యాప్‌టాప్ పట్టుకుని దుకాణానికి వచ్చింది.

"బావా, నాకొక డిజైన్ చేసిపెట్టాలె. ఇంట్ల కూసుంటే బాపు పక్కకొచ్చి కూసుంటుండు. ఏం రాస్తున్నవ్ బిడ్డా అంటడు."

సంగతేమిటంటే, ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ల సైట్ ఒకటి ఉంది. అందులో పీడీఎఫ్ ఎక్కిస్తే ఒక్కో పేజీ ఒక్కో కార్డులా కనబడుతుంది, వేలితో జరుపుకుంటూ చదవాలి. దాన్ని కరౌజల్ అంటారట. నౌకరి పోయాక తాను నేర్చుకున్నవి అలా ఆరు పేజీల్లో పెడితే, మనిషిని తీసుకోవాలనుకునే కంపెనీలవాళ్ల కంట పడుతుందని ఆమె ఆశ.

"నిజం చెప్పాలె, కని ఏడ్చినట్టు ఉండొద్దు," అంది. "తిట్టినట్టు అసలే ఉండొద్దు. కొత్తోళ్లు తీసుకునే ముందు పాత మేనేజర్‌ను అడుగుతరు. నాలుగేండ్లు నా పని చూసింది ఆయనొక్కడే."

"నాకిడిసిపెట్టు. ఫికర్ చెయ్యకు."

మధ్యాహ్నానికి మొదటి పేజీ తయారుచేసి చూపించాను. నా చేతికి అలవాటైన పద్ధతే. ఆమె ఫొటో పెద్దగా, రెండు చేతులూ జోడించి. కింద వరుసగా శ్రేయోభిలాషులు: మా ఆవిడ, మా మామ, నేను. నా ఫొటో ఒక పిసరు పెద్దగా వేసుకున్నాను.

చాలాసేపు చూసింది. "నేనేమన్న సర్పంచ్‌కు నిలవడుతున్ననా బావా?"

"నిలవడితే గెలుస్తవ్. నౌకరే అక్కరలేదు."

వచ్చిన రోజు నుంచి మొదటిసారి నవ్వింది. తర్వాత తెల్లటి పేజీలే పెట్టాం. పెద్ద అక్షరాలు, పేజీకి ఒక్క సంగతి. ఫోన్‌లో చదివేవాడు కూడా బండి మీద పోయేవాడిలాంటివాడే, ఆగడు. ఆ ముక్క నేను చెబితే ఒప్పుకుంది. ఆకుపచ్చ అంచు కూడా పెడదామన్నాను, అది ఒప్పుకోలేదు.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. మిషన్‌కు ఎక్కించే ముందు గిరాకీకి వచ్చినవాళ్లు తమ ప్రూఫ్ తామే పైకి చదవాలి. మనసులో చదివితే తప్పులు దాటిపోతాయి, ఫ్లెక్సీ కట్టాక నా మీద పడతారు. మరదలిది ప్రింటయ్యేది కాకపోయినా పద్ధతి పద్ధతే అన్నాను. ఆమె రాసింది ఇంగ్లీషు కాబట్టి, తెలుగులో చెప్పుకుంటూ పొమ్మన్నాను.

అప్పుడు దుకాణంలో ఇంకొకాయన కూడా ఉన్నాడు. టవర్ సర్కిల్ దగ్గర చెప్పుల దుకాణం చాచా, తన కొత్త బోర్డు కోసం స్టూలు మీద కూర్చున్నాడు. మరదలు జంకింది.

"చదువు బేటా, నేను ఇంటలేను," అన్నాడు చాచా, చెవి ఇటే పెట్టి.

మొదటి పేజీ ఇంగ్లీషులో చాలా ఘనంగా ఉంది. తెలుగులోకి తేబోయి తడబడింది. "నా ప్రయాణంలో ఒక మార్పు..." అని ఆగి, "నౌకరి పోయింది," అంది. అదే రాసుకుంది: నాలుగేళ్లు చేసిన నౌకరి పోయింది, పోయాక నేర్చుకున్నవి ఇవి.

రెండో పేజీ: చేతితో చేసే టెస్టింగ్ ఒక్కటే పట్టుకుని కూర్చున్నాను, ప్రోగ్రాంలు రాసి చేసేది నేర్చుకోలేదు, ఇప్పుడు నేర్చుకుంటున్నాను. మూడో పేజీ: నేను ఏమేం చేశానో విడిగా ఎక్కడా రాసిపెట్టుకోలేదు. లాగిన్ మూసేసిన రోజు నా పని గురించి చెప్పుకోవడానికి నాకే గుర్తు లేకపోయింది. కంపెనీ రహస్యాలు కాదు, మన పని మనం రాసి ఉంచుకోవాలి.

నాలుగో పేజీ దగ్గర గొంతు మారింది. "శుక్రవారం నాడు మేనేజర్ వచ్చే నెల పని ఒప్పచెప్పిండు. సోమవారం పది నిమిషాల కాల్ పెట్టి పొమ్మన్నడు. లీడర్ అంటే ఏందో ఆ రోజు తెలిసింది."

నాకు భలే నచ్చింది. "దీన్ని ఎర్రక్షరాలల్ల పెడుదం," అన్నాను.

స్టూలు మీది నుంచి చాచా అడిగాడు. "ఆ సార్ ఇంకా ఆడనే ఉన్నడా బేటా?"

మరదలు స్క్రీన్ మీదే చూపు పెట్టి, "లేడు చాచా. పదిహేను రోజులకు ఆయన్ను గూడ తీసేసిండ్రు," అంది.

"అట్లనా," అన్నాడు చాచా, అంతే.

నేను ఎర్ర రంగు మీద పెట్టిన మౌస్ తీసేశాను.

"శుక్రవారం ఆయనకు గూడ తెల్వదు కావచ్చు," అంది మరదలు. "ఆ కాల్‌ల ఆయన గొంతు వణికింది బావా. నేను కోపంల ఉండి పట్టించుకోలే."

"మరి గీ పేజీ తీసేద్దమా?"

"పది నిమిషాలు నిజమే గదా. అది ఉంటది. లీడర్ ముచ్చట తీసేస్త. ఆ పది నిమిషాలల్ల నేనేం చెయ్యలేదో అది రాస్త."

రాసింది. పది నిమిషాల కాల్‌లో నేను ఒక్క ప్రశ్నా అడగలేదు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఎప్పుడిస్తారు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుంది, నా పని గురించి ఎవరైనా అడిగితే ఎవరు చెబుతారు, ఇవన్నీ అడగాలి. అడగడం తప్పు కాదు. పొమ్మని చెప్పే మనిషికి కూడా అది కష్టమైన రోజే.

అయిదో పేజీ చిన్నది: సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, చెప్పి ఉంటే సాయం ముందే దొరికేది. ఆరో పేజీలో ఆమె చేయగల పని, వెతుకుతున్న పని. తడబడకుండా చదివేసింది. చాచా తన బోర్డు ప్రూఫ్ చదివి, డబ్బులు తగ్గించమని నన్ను కాసేపు సతాయించి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే సైట్‌లో ఎక్కించింది. మర్నాడు దాని కింద పాత మేనేజర్ నాలుగు మాటలు రాశాడు. ఆమె పని తాను దగ్గరుండి చూశానని, ఎవరికైనా వివరం కావాలంటే తననే అడగమని, తాను కూడా పని వెతుక్కుంటున్నానని. మరదలు ఆ మాటలు నాకు తెలుగులో చెప్పింది. చివరి మాట రెండుసార్లు చెప్పింది. తర్వాత ఆయనకు ఫోన్ చేస్తానని బయటికి వెళ్లి చాలాసేపు ఎండలోనే నిలబడి మాట్లాడింది.

ఆ మాటలు చూసి ఒక కంపెనీ ఆమెను ఇంటర్వ్యూకు పిలిచింది. వీడియోలో మాట్లాడాలట. సుల్తానాబాద్‌లో ఇంటర్నెట్ సరిగ్గా లేదని మళ్లీ మా దుకాణానికే వచ్చింది. వెనక తెల్ల ఫ్లెక్సీ కట్టి గోడ మీది నాయకుల ఫ్లెక్సీలను కప్పేశాను. కూర్చునే ముందు నన్ను పైనుంచి కిందికి చూసింది.

"బావా, గా షర్టుతోని కెమెరా ముందటికి మాత్రం రాకు."

నా బెంగ తీరింది. అది మంచి పెళ్లిళ్ల సీజన్, ఇద్దరు పెళ్లికొడుకుల తండ్రులు గడప దగ్గర నిలబడి ఉన్నారు. ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే ప్రింటింగ్ మిషన్ ఆపేసి, వాళ్లకు టీ చెప్పి, గడపలో అడ్డంగా కూర్చున్నాను.