టేపక్క కొలతల పుస్తకం

మా అక్కని అసలు పేరుతో పిలిచేవాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు. పొద్దున్నే మెడలో టేపు వేసుకుందంటే పడుకోబోయే ముందే తీసేది, అందుకని టేపక్క. ఇరవై ఆరేళ్ళుగా ఇద్దరం కలిసి బట్టలు కుడుతున్నాం. కత్తిరింపు ఆవిడది, కుట్టు నాది. ఒకసారి కొలిచిన మనిషినైనా సరే, వచ్చిన ప్రతిసారీ మళ్ళీ కొలిచేది. "పోయినేడాది కొలతలే వేసెయ్యక్కా" అంటే, "పోయినేడాది మనిషివై వస్తే వేస్తాను" అనేది. పుస్తకంలో పాత కొలత కొట్టేసేది కాదు. దాని కిందే తేదీ వేసి కొత్తది రాసేది. ఈ చాదస్తం చూసి నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు.

ఇంకో గుణం కూడా చెప్పాలి. అక్క ఎవరినీ పల్లెత్తు మాట అనదు, అలాగని దేన్నీ మర్చిపోదు. ఒకాయన తన కాలరు వంకరగా కత్తిరించిందని నలుగురిలో నవ్వాడని ఆరేళ్ళపాటు ఆయన చొక్కా అందరికంటే చివరే ఇచ్చింది. నవ్వుతూనే ఇచ్చింది.

రెండేళ్ళ కిందట కత్తెర పట్టే వేళ్ళు వాచి, పొద్దున పూట చెయ్యి ముడుచుకునేది కాదు. వీధి చివర మందులాయన ఉన్నాడు. మాట తేనె, ముఖం నిండా నవ్వు. పేరూ ఊరూ లేని పొట్లంలో గోధుమరంగు మాత్రలు పెట్టి ఇచ్చాడు. "ఉత్త ఆకులమ్మా, రోజుకొకటి" అన్నాడు. నాలుగో రోజుకే అక్క కత్తెర ఆడించింది. నేనే వెళ్ళి ఆయనకి దణ్ణం పెట్టి వచ్చాను. ఆ దణ్ణం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఏడాది తిరిగేసరికి అక్క ముఖం గుండ్రంగా ఉబ్బింది. పొట్ట పెరిగింది, మెడ వెనక కొవ్వు ముద్ద లేచింది, చేతులూ కాళ్ళూ మాత్రం పుల్లలయ్యాయి. పొట్ట మీద ఊదారంగు చారలు. బల్లకి మోచెయ్యి తగిలితే చాలు, నల్లగా కమిలిపోయేది. కింద కూర్చుంటే నేను చెయ్యిస్తే గానీ లేవలేకపోయేది. పొట్లాం కోసం వెళ్ళినప్పుడు ఆయన్నే అడిగింది, "మీ మందువల్ల కాదు కదా?" అని. నేను పక్కనే ఉన్నాను.

"తిండి తగ్గించుకోమ్మా" అని నవ్వాడు. "ఆకులకి ఒళ్ళొస్తుందా? అనుమానమైతే ఈ పూటే మానెయ్యి, ఏమీ కాదు."

అక్క ఆ పూటే పొట్లాన్ని మురిక్కాలవలో పారేసింది.

మూడో రోజు కత్తిరింపు బల్ల దగ్గర వాంతులు మొదలయ్యాయి. కడుపునొప్పి అంది, నుంచోలేనంది. చల్లటి చెమట పట్టి, పరిచిన గుడ్డ మీదే ఒరిగిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బీపీ అందీ అందకుండా ఉంది, చక్కెర పడిపోయింది. డాక్టరమ్మ అక్క ముఖాన్నీ, పొట్ట మీది చారల్నీ చూసి, "ఏం మాత్రలు వాడుతోంది? ఎప్పుడు మానేసింది?" అని అడిగింది. పరీక్షకి రక్తం తీయించి, ఫలితం కోసం ఆగకుండా హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ సూది వేసి సెలైన్ ఎక్కించింది. సాయంత్రానికి అక్క కళ్ళు తెరిచి, తెల్ల గుడ్డ మీద మరకలు పడ్డాయా అని అడిగింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

డాక్టరమ్మ మర్నాడు మంచం పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది. కిడ్నీల మీద అడ్రినల్ అనే చిన్న గ్రంథులు రెండుంటాయట. ఒంటికి రోజూ కావలసిన స్టెరాయిడ్‌ని అవే తయారు చేస్తాయి, మెదడు ఆజ్ఞ ఇస్తే. బయటినుంచి మాత్రల్లో అదే దండిగా వస్తుంటే మెదడు ఆజ్ఞ మానేస్తుంది, గ్రంథులు పని మరిచి చిక్కిపోతాయి.

"ఉబ్బడం, చారలు, కమలడం, ఇవన్నీ ఆ మాత్రల్లో కలిపిన స్టెరాయిడ్ ఎక్కువవడం వల్ల. మీరు పడిపోయింది అది చాలకపోవడం వల్ల. మాత్ర ఆగిన రోజు లోపల తయారుచేసే దిక్కే లేదు" అంది. "స్టెరాయిడ్ చెడ్డమందు కాదు, నిన్న మిమ్మల్ని బతికించిందీ అదే. తెలియకుండా మింగించడం నేరం, ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. ఇకనుంచి నేనిచ్చే మాత్ర, నేను చెప్పినట్టు, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. జ్వరం వస్తే వెంటనే నాకు చెప్పాలి, అప్పుడు మోతాదు పెంచాలి."

"వాడి కొట్టు ఇప్పుడే పగలగొట్టిస్తాను" అని నేను లేచాను.

"కూర్చోండి. ఇవాళ కొట్టు మూతపడితే, అవే మాత్రలు మింగుతున్నవాళ్ళంతా ఈ వారంలోనే ఈవిడలా పడిపోతారు. అందరూ ఆసుపత్రిదాకా రాగలరా?"

నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. అక్క మాత్రం పైకప్పుకేసి చూస్తూ, "పుస్తకం పట్టుకురావే" అంది.

నడుం కొలత పెరిగి, అదే మనిషికి చెయ్యి కొలత తగ్గినవాళ్ళెవరో వెతకమంది. మామూలుగా ఒళ్ళొస్తే చెయ్యి కూడా లావెక్కాలి కదా. అక్క నడుం ముప్ఫై నుంచి ముప్ఫై ఎనిమిదైంది, చెయ్యి పదకొండు నుంచి తొమ్మిదిన్నర. ఆ లెక్కన పుస్తకంలో పదకొండుమంది తేలారు. బడి ఆయా, బస్సు కండక్టరు, ఇస్త్రీ ఆయన భార్య... చివరి పేజీలో మందులాయన తల్లి. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ.

"ఆవిడకి చెప్పొద్దు" అన్నాను. సిగ్గుపడకుండా అన్నాను. "కొట్టు మూయిద్దాం. వాడి తల్లి పడిపోతే వాడికి తెలుస్తుంది."

అక్క ఆ పేజీ మీద వేలు పెట్టింది. తనకీ అదే అనిపించిందని ముఖం చూస్తే తెలిసింది. తర్వాత, "నా పగ వాడిమీద. ఆవిడ రవిక నా చేత్తో కత్తిరించాను" అంది.

మూడు వారాలు పట్టింది. చేతిలో ఊతకర్రతో అక్క ఇంటింటికీ వెళ్ళింది. "ఒక్క రోజు కూడా ఆపకండి, పొట్లాం తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పదండి" అని ఒక్కొక్కరినీ పంపింది. ఊళ్ళో ఆ మాత్రలు వాడేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వచ్చేయమని ఆసుపత్రి గుమ్మం దగ్గర బోర్డు కూడా పెట్టించింది. ముసలమ్మ అన్నీ విని, డాక్టరమ్మ రాసిన మాత్ర మొదలుపెట్టాక అక్క చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు నేనేం చెయ్యాలే అమ్మాయ్?" అంది. అక్క చెప్పింది.

డాక్టరమ్మ ఫిర్యాదు మీద మందుల ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మేమిద్దరం కొట్టు ముందే నిలబడ్డాం. మందులాయన చెక్కు చెదరలేదు. "ఉత్త ఆకులు సార్. ఎవరు నూరిచ్చారో ఇచ్చారు, అందులో ఇంకేమైనా ఉంటే నాకేం తెలుసు?" అంటున్నాడు. అప్పుడు ముసలమ్మ మెట్లెక్కి వచ్చింది. చేతిలో పాత పొట్లాం.

"ఒరే, ఈ ఆకులు నాకొద్దు. ఇవాళ్టితో మానేస్తున్నా" అని దాన్ని మురిక్కాలవలోకి విసిరేసింది.

వాడి ముఖం పాలిపోయింది. బల్ల దాటి దూకి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కసారిగా మానకూడదమ్మా! పడిపోతావ్, ప్రాణం మీదికొస్తుంది!"

ఇన్‌స్పెక్టరు రాయడం ఆపి తలెత్తాడు. వాడు నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే మాట బయటపడింది. ముసలమ్మ వాడి చేతిని విడిపించుకుని అక్క పక్కకి వచ్చి నిలబడింది.

ఆసుపత్రినుంచి వచ్చాక మొదటిసారి అక్క వాడివంక చూసి నోరు విప్పింది.

"ఇదే మాట నాకెందుకు చెప్పలేదు?"

వాడు మురిక్కాలవకేసి చూశాడు. అక్క ఊతకర్ర అందుకుని, మాత్ర వేళయిందని నన్ను తొందరపెట్టింది.