ఐదు గంటల గీత

కువైట్‌లో, అబూ హలీఫాలో మా ఫ్లాట్ కింద వడ్రంగి షాపులో ప్లైవుడ్ కోసినప్పుడల్లా ఆ పచ్చి చెక్క వాసన లిఫ్టులోకి ఎక్కి వస్తుంది. చేతిలో ఫోన్ ఉంటుంది, నా కళ్ళు మాత్రం మేము చిన్నప్పుడున్న మంగఫ్‌లోని పాత మేడ మీదికి పోతాయి.

నాయనది రాయచోటి. షుఐబా చమురు ఫ్యాక్టరీలో పైపుల ఫోర్‌మన్. గ్యాసు భయానికి గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారు కాబట్టి నీడ చూసి టైం చెప్పడం ఆయనకు అలవాటు. నాకు పదేళ్ళప్పుడు స్కూలు ఎగ్జిబిషన్‌కి నీడ గడియారం చేద్దామన్నాడు. డిసెంబరు శుక్రవారం, చలిగాలి, ఉప్పు శనక్కాయలు, కింద ఎవరింట్లోనో మాడుతున్న పోపు. పొడుగు చెక్కకి ఒక చివర నిలువుగా ముక్క కొట్టి, దాని మీద వెడల్పాటి అడ్డకర్ర పెట్టాడు.

"ఈజిప్టోళ్ళు ఇట్లే చేసినారంటమ్మే, మా ఇంజినీరు చెప్పినాడు. పొద్దున అడ్డకర్ర తూర్పుకి పెట్టాల. మజ్జాన్నం దాన్నే పడమరకి తిప్పాల."

నీడ దూరం నుంచి అడ్డకర్ర వైపు జరిగి వస్తుంటే, ఫోన్లో గంట మారినప్పుడల్లా నేను గీత గీశాను. చెక్క చివర గీతలు ఎడంగా, కర్ర దగ్గరవి ఇరుకుగా వచ్చాయి. ఆ ఈజిప్టువాళ్ళు ఏ కాలంలోనైనా పగటిని పన్నెండు భాగాలు చేసుకునేవాళ్ళట, అందుకే ఎండాకాలం గంట పొడుగు, చలికాలం గంట కురచ.

ఎగ్జిబిషన్ ఏప్రిల్‌లో జరిగింది. తొమ్మిదింటికి నా గడియారం దాదాపు పది చూపించింది. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి దాన్ని నాయన ముందే కాలితో తన్ని విరగ్గొట్టాను.

"నీకేమీ రాదు. ఊరికే చెప్తావు."

నాయన ముక్కలు ఏరుకుంటూ నెమ్మదిగా అన్నాడు: "చలికాలం గీసిన గీతలమ్మే. ఇప్పుడు పొద్దు పైకెక్కింది, నీడ పొట్టిదయింది. తప్పు నాదే."

తర్వాతి శుక్రవారం తెల్లారకముందే ఇనప కడ్డీ ఒకటి పట్టుకుని మేడెక్కాడు, ఈసారి గడియారం మేడ నేల మీదే. వేల ఏళ్ళ తర్వాత అరబ్బు పండితులు సరిచేసుకున్న పద్ధతట: కడ్డీని నిలువుగా కాకుండా, ఉత్తరానికి వాల్చి, నేల నుంచి ఊరి అక్షాంశమంత కోణంలో ఎత్తి పెట్టాలి. కువైట్‌కి ఇరవై తొమ్మిది డిగ్రీలు. అప్పుడు కడ్డీ భూమి ఇరుసుకి సమాంతరంగా ఉంటుంది, ఒకసారి గీసిన గంట గీత కొద్ది నిమిషాల తేడాతో ఏడాదంతా చెల్లుతుంది. సాయంత్రం మెట్ల మీంచి పిలిచాడు.

"నాలుగు దాకా గీసినా. ఐదుది నువ్వే గీయాల, రామ్మే."

నేను ఫోన్లో గేమ్ ఆడుతూ తల కూడా ఎత్తలేదు. అలక. మళ్ళీ ఒకసారి పిలిచి ఊరుకున్నాడు.

బుధవారం సైటులో కూలిపోయాడు. గుండె. ఖలాస్ అన్నారు.

అమ్మ నర్సు కాబట్టి మా ఇఖామాలు, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్లు, నిలిచాయి, వారంలో ఇల్లు మారాం, మేడెక్కడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇన్నేళ్ళకి, పోయిన నెల వెళ్ళాను. కాపలా ముసలాయన తలుపు తీశాడు. వాన కారకుండా మేడంతా తెల్ల రంగు మందంగా పూసేశారు. కడ్డీ లేదు, దాని మేకు గుంత కూడా లేదు. ఐదయ్యేదాకా నిలబడ్డాను. ఆ రోజు ఆ గీత నాయనే గీసుకున్నాడో, నాకోసం వదిలేశాడో, చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.