పాన్‌లో రెండు మిల్లీమీటర్లు

వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆయన్ని అందరూ చుక్కల సారు అంటారు. మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళు పెట్టే డ్రిప్పు మీద అంత ప్రేమ. పెళ్ళిచూపుల్లో కూడా అమ్మాయిని పేరు అడగడం మానేసి, మీ పెరట్లో మొక్కలకు నీళ్ళెలా పెడతారని అడిగిన మనిషి. ఆ అమ్మాయి ఎందుకు ఒప్పుకుందో ఆయనకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆవిడకూ అంతేనట.

కేంద్రంలో ఆ ఏడు టమాటా మీద ప్రయోగం పెట్టారు. సగం మడికి డ్రిప్పు, సగం మడికి చాళ్ళలో పారే నీరు. చివరికి తేలాల్సింది ఒకటే: పొలానికి పెట్టిన ఒక్కో మిల్లీమీటరు నీటికి ఎన్ని కిలోల కాయ వచ్చింది? చాళ్ళ మడి చూసే సహోద్యోగి పాతకాలం మనిషి. మట్టి చేత్తో పిసికి చూసి, ఆరిందనిపిస్తే నీళ్ళు వదిలేవాడు. చుక్కల సారుకు అది చూస్తే ఒళ్ళు మండేది. సైన్సంటే పిండి పిసకడమా అని ఆయన బాధ.

ఆయన లెక్క అలాంటిది కాదు మరి! ఆరుబయట చెక్క దిమ్మ మీద పెద్ద ఇనప పళ్ళెం ఉంటుంది, పాన్ అంటారు. అందులో నీరు రోజుకు ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో పొద్దున్నే చూస్తారు. దాన్ని ముప్పావు చేస్తే పచ్చగడ్డి నేల వదిలే ఆవిరి ఎంతో తెలుస్తుంది. దాన్ని మళ్ళీ పంట గుణకంతో హెచ్చవేస్తే, నేల నుంచి ఆవిరయ్యేదీ ఆకులు వదిలేదీ కలిపి ఆ పంట ఖర్చు చేసే నీరు వస్తుంది. టమాటాకు ఆ గుణకం నారు నాటిన కొత్తలో పాయింట్ ఆరు, చెట్టు గుబురెక్కి కాయ పట్టేటప్పుడు ఒకటీ పాయింట్ పదిహేను. సారు ఈ అంకెల్ని పిల్లల పుట్టినరోజుల కంటే బాగా గుర్తుపెట్టుకున్నాడు.

పాన్ మీద ఇదివరకు పిట్టలు వాలకుండా ఇనప జల్లెడ ఉండేది. జల్లెడ వేస్తే ఆవిరి పదోవంతు దాకా తగ్గి కనబడుతుందని సారు ఎక్కడో చదివాడు. ఇంకేముంది, ఖచ్చితత్వం కోసమని తన చేతులతోనే దాన్ని విప్పి గోడౌన్‌లో పడేశాడు. ఆ రోజు ఇంటికెళ్ళి భార్యతో, "ఇలాంటివి పట్టించుకునేవాడు ఇక్కడ నేనొక్కణ్ణే" అన్నాడు కూడా.

అక్కడితో ఆగితే బాగుండేది. కేంద్రం పక్కనే వాళ్ళ అక్క టమాటా తోట. ఎకరన్నర. ఆ ఏడు ఇంటిల్లిపాదీ దాని మీదే ఆశ పెట్టుకున్నారు. బావ చాళ్ళు తోలదామంటే, అక్క పట్టుబట్టి డ్రిప్పు వేయించింది. "మా తమ్ముడు దీని మీదే చదివాడు" అనేది ఆవిడ వాదన. అంతకు మించి ఆవిడకు వాదన అక్కర్లేదు. సారు రోజూ పాన్ చూసి, లెక్క కట్టి, వాల్వు ఎంతసేపు తిప్పి ఉంచాలో అక్కకు చెప్పేవాడు. "గంటా ముప్ఫై ఏడు నిమిషాలు అక్కా. ముప్ఫై ఎనిమిది కాదు" అని నొక్కి మరీ చెప్పేవాడు.

కాపు మొదలయ్యేసరికి వ్యవహారం అడ్డం తిరిగింది. డ్రిప్పు మడికి పోసిన నీరు చాళ్ళ మడికి పోసినంత అయింది. ఆదా లేకపోగా ఆకులు పసుపెక్కి, చెట్లు బిక్కమొహం వేశాయి. తొలి కోతలో కాయ కూడా తక్కువే. సహోద్యోగి మర్యాదస్తుడు, నవ్వలేదు. "సార్, చుక్కలు కాస్త పెద్దవి పడుతున్నాయేమో" అన్నాడంతే. సారుకు రాత్రి నిద్ర పట్టలేదు.

అదే వారం కేంద్రంలోని వాతావరణ యంత్రం ఎండ, గాలి, తేమ, వేడి అన్నీ కలిపి లెక్కేసి, పచ్చగడ్డి ఆవిరి మూడూ ముప్పావు మిల్లీమీటర్లు అంది. సారు పాన్‌లో తగ్గింది ఏడు, ఆ లెక్కన చూస్తే అయిదుంపావు. ఇంత తేడానా! ఎవరిది తప్పు? యంత్రానిదే. సారుకు అందులో ఆవగింజంత అనుమానం లేదు. మెకానిక్కును పిలిపించాడు. అతను యంత్రమంతా విప్పి, తుడిచి, బిగించి, "దీనికేం రోగం లేదు సార్. వేరే ఎవరికైనా ఉందేమో చూసుకోండి" అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం కళ్ళజోడు మరిచిపోయి సారు వెనక్కి వచ్చాడు. కళ్ళజోడు లేకపోయినా కనబడేంత పెద్ద దృశ్యం అది. పొద్దున్నే తన వెంట నడిచొచ్చి రోజంతా కేంద్రంలో పెత్తనం చేసే తన సొంత కుక్క, ఎద్దంత కుక్క, ముందుకాళ్ళు చెక్క దిమ్మ మీద పెట్టి పాన్‌లో నీళ్ళు తాగుతోంది. తాగడమంటే అలా ఇలా కాదు, సగం తాగి సగం ఒలకబోసి, మళ్ళీ తాగి, మూతి నాక్కుని, సారును చూసి తోకాడించింది.

సారు అక్కడే చతికిలబడి లెక్క కట్టాడు. అలవాటు కదా! ఆ పళ్ళెంలో రెండు లీటర్ల చిల్లర పోతే రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఏడని రాసుకున్నది నిజానికి అయిదు. అయిదును ముప్పావు చేస్తే మూడూ ముప్పావు. యంత్రం మొత్తుకున్నదీ అదే. గంటా పది నిమిషాలు చాలిన చోట గంటా ముప్ఫై ఏడు! చాళ్ళ మడికి రెండు తడుల మధ్య ఆరుదల దొరికింది కాబట్టి వేరుకు ఊపిరాడింది. డ్రిప్పు కింద నల్లమట్టి ఒక్కరోజూ ఆరలేదు. ముప్ఫై ఎనిమిది కాదని నొక్కి చెప్పిందీ ఈ నోరే. సైంటిస్టు అక్కర్లేకుండా జల్లెడ ఒక్కటి చేసే పనిని, జల్లెడ తీసేసి తాను చెడగొట్టాడు. ఛీ, నీ చదువు తగలెయ్య అనుకున్నాడు, తననే.

పరుగున అక్క తోటకు వెళ్ళాడు. ఆవిడ సాలు మధ్య కూర్చుని పసుపు ఆకులు తుంచుతోంది. బావ గట్టు మీద నిలబడి ఉన్నాడు, ముఖం కందగడ్డలా ఉంది. సారు ఉన్నదున్నట్టు చెప్పేశాడు: జల్లెడ, కుక్క, రెండు మిల్లీమీటర్లు.

బావ ముందు నమ్మలేదు. తరవాత, "అంటే, మీ కుక్క తాగిన నీళ్ళన్నీ మా చెట్ల ఖాతాలో రాశావన్నమాట" అన్నాడు. "మరి కుక్కకు గుణకం ఎంత బావమరిదీ? అది కూడా పుస్తకంలో ఉందా?"

"బావా, నన్ను ఎన్ని మాటలన్నా పడతాను. ముందు నాలుగు రోజులు వాల్వు ముట్టుకోకండి. మట్టి ఆరనివ్వండి. కొత్త చిగురొస్తే సగం పంటైనా దక్కుతుంది."

"సగమా!" అని బావ అటు తిరిగిపోయాడు. సారు అక్క వైపు చూడలేక నేల చూపులు చూశాడు.

"అక్కా, నువ్వైనా ముందే చెప్పకూడదా, ఆకులు పసుపెక్కుతున్నాయని? రోజూ మాట్లాడుతూనే ఉన్నాం కదా."

అక్క చేతిలో ఆకులు కింద పెట్టింది. "పసుపెక్కుతున్నాయని నాకు పది రోజుల నాడే తెలుసురా. నీళ్ళెక్కువయ్యాయనీ తెలుసు. మీ బావ రోజూ అరుస్తూనే ఉన్నాడు."

"తెలిసీ తిప్పావా వాల్వు?"

"నువ్వు అంత సంబరంగా నిమిషాలతో సహా చెబుతుంటే, తప్పురా అని ఎలా అనను? చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను."

సారుకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. కొలవడానికి ఈసారి ఏ పాన్ పనికిరాదు. "ఇకనుంచి అలా ఊరుకోకక్కా" అన్నాడు. "తిట్టు. తిట్టి మరీ చెప్పు."

"అయితే ఇప్పుడే మొదలుపెట్టనా?" అంది అక్క కొంగు బిగించి లేస్తూ.

మొదలుపెట్టింది. జల్లెడ దగ్గర్నుంచి పెళ్ళిచూపుల దాకా ఒక్కటీ వదల్లేదు. వెళ్ళిపోయిన బావ కూడా ఆ తిట్లు వినడానికి వెనక్కి వచ్చాడు. చుక్కల సారు బురదలో చేతులు కట్టుకుని నిలబడి, చిన్నప్పటిలా, అన్నీ విన్నాడు.